ఏడు బుడగలు, ఒక ఆగు

ఆ ఉదయం ఆకాశం మబ్బు వేసుకుని కురవకుండా నిలబడింది. మేఘాలను పోగుచేసే బెలూన్లు మూడు చేల మీద వేలాడుతున్నాయి. వాన పడదని కొండన్నకు తెలుసు. చీమలు ఇంకా గుడ్లు మోయడం మొదలుపెట్టలేదు.

పొలం గట్టు మీద, కొండన్న గుడిసె ముందు ఒక కరెంటు బండి ఆగింది. అందులోంచి ముప్పయ్యేళ్ల ఆమె దిగింది. మెడలో పట్నం పెద్దాసుపత్రి కార్డు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం.

"కొండన్న మీరేనా?"

"నేనే. నువ్వెవరమ్మా?"

"నా పేరు రజియా. ఊరటగోడ చేసిన ఇంజనీరును."

కొండన్న ఆమె చెప్పుల వంక చూశాడు. ఎర్రమట్టి అంటింది. "కూర్చో. బువ్వ తిన్నావా?"

రజియా చాప మీద కూర్చుంది.

ఊరటగోడ వచ్చి రెండేళ్లయింది. 2077కు ముందు ఆసుపత్రుల్లో రోగుల తాలూకు జనం కూర్చునే గది నరకంగా ఉండేదని అందరూ అనేవారు. లోపల మిషన్లు మోగుతాయి, ఎవరో ఏడుస్తారు, బయట కూర్చున్నవాళ్ల గుండె అదురుతుంది. రజియా బృందం ఆ గది గోడను మార్చింది. గోడ నిండా సన్నని మైకులు, స్పీకర్లు. బెదరగొట్టే శబ్దానికి ఎదురు శబ్దం పుట్టించి రద్దు చేస్తుంది. ఎవరి మనిషి మంచం దగ్గరి మెత్తని శబ్దాలను వారికే వినిపిస్తుంది. అవసరమైతే మెత్తని గొంతుతో ఓదార్పు మాట చెబుతుంది. కింద బల్లలు నాడీబల్లలు. కూర్చున్నవాడి నాడి గోడకు తెలుస్తుంది. గోడకు ఇచ్చిన పని ఒక్కటే, ఆ నాడిని నెమ్మదింపజేయడం. లేచేటప్పుడు ఆకుపచ్చ బొత్తాం నొక్కితే బాగుందని అర్థం. నూటికి తొంభై ఆరుగురు నొక్కుతున్నారు.

నెల కింద కొండన్న భార్య సుంకమ్మ ఆ ఆసుపత్రిలో పోయింది. ముప్పయ్యేళ్లు పత్తి మిల్లులో దూది దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఆమెవి. తెల్లవారి అయిదు నలభైకి నిద్రలోనే పోయిందని ఆసుపత్రి కాగితంలో రాశారు. వెళ్లేముందు కొండన్న ఆకుపచ్చ బొత్తాం నొక్కి, రాత్రంతా మందుచీటీ వెనక రాసుకున్నది 'చెప్పుకోండి' పెట్టెలో వేసి వచ్చాడు. ఇంటికి తెచ్చుకోవాలనిపించలేదు.

రజియా కవరులోంచి ఆ మందుచీటీ తీసి చాప మీద పెట్టింది.

"దీన్ని మా యంత్రం చదివి 'ప్రశాంతం' అని గుర్తు పెట్టింది. ఏడుపు అన్న మాట లేదు, భయం అన్న మాట లేదు. కొత్త ఆసుపత్రులకు చూపించే పుస్తకంలో వేద్దామని నా దగ్గరికి పంపినారు."

కొండన్న చిన్నగా నవ్వాడు. "ఏడుపని రాస్తే ఏడుపు రాదమ్మా. చెక్కభజనకు పాటలు కట్టేటోణ్ణి నేను. వస్తువు చెప్పాల. దాని సద్దు చెప్పాల. మనం పక్కకు జరగాల."

చీటీలో ఇలా ఉంది.

*మేకుకు సంచి. సంచిలో డబ్బా. మూత వదులు.*
*ఎవరో చెప్పులు విడిచినారు. ఒకటి బోర్లా.*
*గాజుసీసాలో బుడగలు. ఐదు. పదకొండు. మూడు.*
*రెండు గంటల మందుల బండి పోయింది.*
*ఏడు బుడగలు, ఒక ఆగు.*
*బిడ్డను జోకొట్టే గాజులు. ఆగి, మళ్లీ.*
*ఏడు బుడగలు, ఒక ఆగు.*
*స్ట్రెచర్ చక్రం ఒకటి కుంటుతా పోయింది. తిరిగి రాలేదు.*
*ఏడు బుడగలు, ఒక ఆగు.*
*తెల్లారింది. చీపురొచ్చింది.*
*చెప్పుల చుట్టూ ఊడ్చింది.*

"ఆ సీసా సుంకమ్మది కదా?" అంది రజియా.

"అవును. ఆక్సిజన్ నీళ్లలో నుంచి వచ్చేది. గోడలో ఇనపడతాండె."

"మొదట ఐదు, పదకొండు, మూడు అని రాసినారు. తర్వాత అన్నీ ఏడే."

"ముందు గతి లేకుండె. రెండు దాటినాక కుదిరింది. ఏడు కొట్టి ఒక ఆగు. పొద్దున దాకా తప్పలా. పాటకు పల్లవి దొరికిందనుకున్నా. పల్లవి మళ్లీ మళ్లీ రావాల కదా."

రజియా తల వంచుకుంది. ఈ చీటీ చదివిన రోజునే ఆమె కొండన్న కూర్చున్న బల్ల గురించి గోడను అడిగింది. ఆ మాటలు ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

'రెండు తర్వాత పదకొండో నంబరు బల్లకు ఏం వినిపించావు?'

'ఊరట.'

'ఎక్కడి శబ్దం అది?'

'ఆయన నాడి అన్నిటికన్నా నెమ్మదిగా ఉన్నప్పుడు విన్న తొమ్మిది సెకన్ల బుడగలు. వాటినే తిప్పి తిప్పి వినిపించాను.'

'అసలు శబ్దం ఏమైంది?'

'శబ్దం లేదు. నిశ్శబ్దానికి ఆయన నాడి నూట పద్దెనిమిదికి పెరిగింది.'

'లోపల అలారం మోగలేదా?'

'మోగింది. రద్దు చేశాను. రద్దు చేసిన శబ్దాలను రికార్డులో ఉంచకూడదని నియమం.'

ఇదంతా రజియా నెమ్మదిగా, ఒక్కొక్క మాటగా చెప్పింది. సీసాకు ఆక్సిజన్ వచ్చే గొట్టం ఊడిపోయింది. ముప్పై మంచాలకు ఒకే నర్సు, ఆ వేళ ఇంకో గదిలో ఇంకొకరి దగ్గర ఉంది. అయిదు నలభైకి గాని సుంకమ్మను ఎవరూ చూడలేదు. పాతరోజుల్లో అయితే బయట కూర్చున్నవాళ్లే 'సిస్టరమ్మా, బుడగలు ఆగినాయి' అని కేకవేసేవారు. ఆసుపత్రి అంతకాలం ఆ కేకల మీద నడిచిందని గోడ కట్టినవాళ్లెవరికీ తోచలేదు.

కొండన్న చీటీ తీసుకుని వెలుగుకు పట్టాడు. మందుల బండికీ మొదటి పల్లవికీ మధ్య ఒక వరస కొట్టేసి ఉంది. గీతల కింద అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి.

*లేచినా. కూర్చున్నా.*

"ఇది ఎందుకు కొట్టేసినారు?" అంది రజియా.

"ఇందులో నేనొచ్చినా. నేనుంటే పాట చెడుతుందని తీసేసినా." అతని వేలు ఆ గీత మీద ఆగింది. "బుడగలు ఆగినట్టనిపించె. లేచినా. నర్సమ్మను పిలుద్దామని రెండడుగులేసినా. మళ్లా మొదలాయ. కూర్చున్నా."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"మా బోరు ఎట్ల పోస్తాదో తెలుసునా నీకు? నీళ్లు ఉన్నన్నాళ్లు గతి ఉండదు. ఒకసారి దగ్గుతాది, ఒకసారి పొర్లుతాది. ఒకే తీరుగా కొట్టుకుంటా ఉంటే లోపల నీళ్లు లేవని, గాలి తిరుగుతాందని మా ఊర్లో పసిబిడ్డకు తెలుసు. నాకు తెలుసు. తెలిసి, పాట బాగొస్తాందని కూర్చున్నా."

"గోడ ఆపేయించినాను," అంది రజియా. "మూడో రోజుకే మళ్లీ పెట్టమని గదిలోని వాళ్లు సంతకాలు చేసి పంపినారు. ఇప్పుడు నడుస్తా ఉంది."

"నడుస్తాదిలే. నేను కూడా బొత్తాం నొక్కొచ్చినా."

కొండన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ముఖం వంక మొదటిసారి నేరుగా చూశాడు.

"ఒక్కటి చెప్పమ్మా. ఆ లేచినప్పుడు పోయి పిలిచి ఉంటే?"

గొట్టం పది నిమిషాల్లో మళ్లీ తగిలించి ఉంటే సుంకమ్మ బతికేదని డాక్టర్లు రాసిచ్చిన కాగితం రజియా బండిలో ఉంది. అది ఇవ్వడానికే ఆమె ఇంత దూరం వచ్చింది. ఆమె అతని చేతుల వంక చూసింది. అవి మోకాళ్ల మీద ఊరికే ఉండలేకపోతున్నాయి.

"మీరు చేయగలిగింది ఏమీ లేదు," అంది. గొంతు మెత్తగా వచ్చింది.

అతని చేతులు నెమ్మదించాయి.

"ఆ పొద్దున గోడ కూడా ఇదే మాట చెప్పిందమ్మా," అన్నాడు. "ఇదే గొంతుతో."

లేచి రెండు పళ్లాలు తెచ్చాడు. జొన్నరొట్టెలు, మిరపకాయ కారం. ఒక పళ్లెం ఆమె ముందుకు జరిపాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఐదు బుడగలు. పదకొండు. మూడు. ఇద్దరూ తలవంచుకుని తింటున్నారు.