అతిథికి తిథి

వెన్నెలపేటలో వెన్నెల ఉండదు. ఊరు ఉన్నదే చంద్రుడి మీద కాబట్టి, తన నెత్తిన తాను వెన్నెల కురిపించుకోవడం ఎంతటి చంద్రుడికైనా సాధ్యం కాదు. నేల కింద తొలిచిన గదులే అక్కడ ఇళ్ళు. ఇల్లంటే రెండు మడతమంచాలు, ఒక పొయ్యి, గోడలో ఒక ఊపిరిపెట్టె. గాలిని కడిగి మళ్ళీ గదిలోకి వదిలే ఆ యంత్రం ఇద్దరి దాకా బాగానే లాగుతుంది. చుట్టం వచ్చి కదలకపోతే ముందు పెట్టె మూలుగుతుంది, ఆ తరువాత ఇల్లాలు మూలుగుతుంది.

గవర్రాజు ఇంట్లో ఆ రెండు మూలుగులూ కలిసి వినిపించిన రోజుల్లోనే ‘తిథిక’ పుట్టింది. అతని మేనత్త అచ్చాయమ్మ ధ్రువం దగ్గరి మంచుగనుల ఊరి నుంచి కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. కళ్ళు బాగయ్యాయి, అద్దాలొచ్చాయి. ఆ అద్దాలతో ఇల్లంతా చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. గవర్రాజు భార్య సుభాషిణి తన మంచం ఆవిడకిచ్చి పొయ్యి పక్కన పడుకునేది. పేరుకి సుభాషిణే గానీ, ఆ నెలల్లో భర్తతో ఆవిడ చేసిన భాషణంలో ‘సు’ లేదు.

“మీ అత్తకి మీరు చెప్పాలి. నేను చెబితే కోడలు గెంటేసిందంటారు,” అంది ఒకరోజు.

గవర్రాజు గాలి ఇంజనీరు. గాలిని కదిలించగలడు గానీ మనిషిని కదిలించే నోరు లేదు. అందుకని యంత్రం చేశాడు. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు, నా యంత్రం ఆ అతిథికి తిథి పెడుతుంది అని పొంగిపోయాడు. తిథి పెట్టడమంటే తద్దినం పెట్టడం కూడానని సుభాషిణి గుర్తుచేసింది గానీ, పేరు అప్పటికే అచ్చయిపోయింది.

నిజానికి తిథికలో మాయేమీ లేదు. ఇంటివాళ్ళ నిద్ర, విసుగు, గొంతులో గరుకుదనం సెన్సార్లతో కొలిచేది. విసుగు కోపమయ్యేలోగా ఏం చెయ్యాలో ఇంటివాళ్ళ చెవిలో చెప్పేది. వెళ్ళే రోజు ఏదన్నది చుట్టం రాకముందే, రమ్మనే పిలుపులోనే చెప్పించేది: శుక్రవారం రండి, బుధవారం దాకా సరదాగా ఉందాం, గురువారం నుంచి నా డ్యూటీ మారుతుంది అని. చెప్పే కారణం నిజమైనదే కావాలి. గోడలకి రంగులేయిస్తున్నామని బొంకితే, మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు ముందు గోడలే చూస్తారు. ఎవరి వైపు చుట్టానికి వాళ్ళే చెప్పాలి. తిరుగు టికెట్ చుట్టాన్నే అడిగి, వాళ్ళకి వీలైన బండికి ముందే తీయాలి. ఇంకా ఉండాలనుకుంటే దగ్గర్లోని సత్రంలో గది చూసిపెట్టి, భోజనానికి ఇంటికి పిలవాలి. కాఫీ పలచబడకూడదు, గిన్నెలు చప్పుడు కాకూడదు, ఆఖరి పూట దాకా మర్యాద మొదటి పూటలాగే ఉండాలి. చివరి రాత్రి చుట్టానికి ప్రాణమైన కూర వండి, దారికి పొట్లం కట్టి, ఆడవాళ్ళకి బొట్టుపెట్టి చీర చేతికిచ్చి, స్టేషన్ దాకా వెళ్ళి, మళ్ళీ ఎప్పుడు రావాలో అక్కడే చెప్పాలి.

తిథిక సాగనంపిన తొలి చుట్టం అచ్చాయమ్మే. వెళ్ళే ముందు రాత్రి సుభాషిణి కంద బచ్చలి కూర చేసింది. అచ్చాయమ్మ ముమ్మారు వడ్డించుకుని, నవ్వుతూ రైలెక్కింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

యంత్రం ఊరూరా పాకింది. కొన్నేళ్ళకి చంద్రుడి మీద అదే ఆచారమైపోయింది. కంచంలో ఇష్టమైన కూర కనిపించిందంటే చుట్టం మారుమాట లేకుండా సంచీ సర్దుకునేవాడు. దాన్ని సాగనంపు కూర అనేవారు. గవర్రాజుకి పేరొచ్చింది. చుట్టాలు రావడం, వేళకి వెళ్ళడం గడియారంలా సాగాయి.

తరువాత సుభాషిణి పోయింది.

కర్మకాండలకి వచ్చినవాళ్ళంతా తిథిక పెట్టిన రోజులకే పద్ధతిగా వెళ్ళిపోయారు. ఆ ఇరుకింట్లో గవర్రాజు ఒక్కడే మిగిలాడు. ఊపిరిపెట్టె మూలగడం మానేసింది. ఎప్పుడైనా మూలిగితే బాగుండునని అతను దానికేసి చూస్తూ కూర్చునేవాడు. పక్కమంచం మడత విప్పి పరచి, మళ్ళీ మడిచేవాడు.

అలాంటప్పుడు అచ్చాయమ్మ పలకరించడానికి వచ్చింది. బాగా ముసలిదైపోయింది. వస్తూనే ఉప్పుడబ్బా మీద మూత లేదని తిట్టింది. గవర్రాజు ఆ తిట్లని కాఫీలా తాగాడు. నాలుగు రోజుల్లో ఇంటికి మళ్ళీ చప్పుడొచ్చింది. ఈవిడ ఇక్కడే ఉండిపోతే చాలుననుకున్నాడు. కానీ ఎలా అడగాలి? పొమ్మని చెప్పడం యంత్రానికి అప్పగించి, ఉండమని అడగడం తానే మరిచిపోయాడు. ముందు కడుపు నిండా పెట్టి, తెల్లారి కాఫీ దగ్గర అడుగుదామనుకున్నాడు. మధ్యలో సలహాలివ్వకుండా తిథికని ఆపేశాడు. తోటగదికి వెళ్ళి కంద, బచ్చలి తెచ్చాడు. సుభాషిణి చేసినట్టే తరిగాడు, ఉడికించాడు, ఆవ నూరి కలిపాడు.

అచ్చాయమ్మ కంచంలో కూర చూసింది. తల ఎత్తి అతనికేసి చూసి, మళ్ళీ కంచంలోకి చూసింది.

“మీ ఆవిడ చేసినట్టే ఉందిరా,” అని, అడిగి మరీ మళ్ళీ వడ్డించుకుంది. ఆ రాత్రి గవర్రాజు చాలాకాలానికి హాయిగా నిద్రపోయాడు.

లేచేసరికి పక్కమంచం మడిచి ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. ఉప్పుడబ్బా మీద మూత ఉంది. అచ్చాయమ్మ లేదు. అతను తిథికని మేల్కొలిపాడు.

“ఆవిడ మొదటి బండికి వెళ్ళినట్టు స్టేషన్ కబురు,” అంది యంత్రం. “గడువు ఇంకా ఉంది. కానీ మీరు సాగనంపు కూర పెట్టారు.”

“అది ఉండమని పెట్టిన కూర.”

“ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు?”

తాను మొదలుపెట్టిన ఆచారం తనకే గుర్తు రాలేదని గవర్రాజుకి అప్పుడు తెలిసింది.

“ఆవిడ వచ్చేటప్పుడు తిరుగు టికెట్ తీసుకోలేదు,” అంది తిథిక. “ఆవిడ భర్త పోయాక గని వాళ్ళు వాళ్ళుండే గది వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడకి ముసలివాళ్ళ వసతిలో ఒక మంచం ఉంది, అంతే. మీ దగ్గరే ఉండనా అని మిమ్మల్ని అడగవచ్చో లేదో మొన్న నన్నడిగారు. మీ గొంతులో విసుగు లేదు, అడగండి అన్నాను. నిన్న భోజనాల దగ్గర అడుగుతానన్నారు.”

గవర్రాజు వెంటనే రైల్లో ఉన్న అచ్చాయమ్మకి ఫోన్ చేశాడు. “అత్తా, వెనక్కి వచ్చెయ్యి. ఇక్కడే ఉండిపో.”

అవతల అచ్చాయమ్మ నవ్వింది. “స్టేషన్‌కి రాలేకపోయినా ఫోన్లో సాగనంపుతున్నావా? ఎంత మర్యాద నేర్చావురా. నేనేం నొచ్చుకోలేదు, ఒట్టు. వేళకి తిను.”

నిజంగానే పిలుస్తున్నానని అతను మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెప్పినకొద్దీ ఆవిడ మర్యాదకి మురిసిపోయింది. రైలు సొరంగంలో దూరింది. మాట తెగింది.

పొయ్యి మీద గిన్నెలో కూర కాస్త మిగిలి ఉంది. గవర్రాజు ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. గొంతు భగ్గుమంది. కందకి చింతపండు పులుసు పట్టించడం మరిచిపోయాడు. నాలుక నుంచి గుండె దాకా ముళ్ళు దిగినట్టు దురద.

ఈ కూరనే ఆవిడ అడిగి మళ్ళీ వడ్డించుకుంది.

గవర్రాజు గిన్నె పక్కన పెట్టలేదు. గొంతు మండుతున్నా, మిగిలిందంతా ఊడ్చుకుని తిన్నాడు. ఊపిరిపెట్టె చప్పుడు లేకుండా తిరుగుతోంది.