సగం చెప్పిన చీటీ

హన్మకొండ చౌరస్తా సందులో మొగిలయ్య హోటల్ ముందు కూర్చున్న వెంకట్రాజానికి ఆ పొద్దు చాయ్ గుక్క గొంతు దిగలేదు. ఎదురుగా ఉన్నది తన ఫోటో స్టూడియోనే, ముప్పై ఏళ్లు తన చేత్తో నడిపినదే. కళ్లలో పొర కమ్మి అక్షరాలు ఆనడం మానేశాక, రెండేళ్లుగా కొడుకు మల్లికార్జున్ చూసుకుంటున్నాడు. ఇప్పుడా స్టూడియో అద్దాల పెట్టె ముందు జనం మూగి ఉన్నారు.

"కొత్త చీటీ పెట్టిండా మొగిలయ్యా? ఏం రాసిండు?"

మొగిలయ్య వెళ్లి చూసొచ్చాడు. చెప్పడానికి జంకాడు. "పాత చెయ్యి కాదు, కొత్త చెయ్యి... అని ఉన్నది."

వెంకట్రాజం గ్లాసు పక్కన పెట్టేశాడు.

మూడు వారాల కింద ఆ పెట్టెలో ఒక ఫోటో వెలిసింది. అందులో ఉన్నది ఖాళీ కుర్చీ. సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్‌ల మీద మచ్చలు చెరిపేందుకు వెంకట్రాజం కూర్చునే కుర్చీ! దాని కింద చీటీ: 'ఇక్కడ కూర్చునేది ఎవరు? సద్దుల బతుకమ్మ నాడు చెప్తాం.' రెండో వారం: 'మీకు తెలిసిన మనిషే.' ఇంతకుమించి ఒక్క ముక్క లేదు. పేరు లేదు, మగో ఆడో లేదు.

దోస్తులు అడిగితే మల్లికార్జున్ నవ్వేవాడు. "అంతా రాస్తే ఒక్కపారి చూసి పోతరు. సగం రాస్తే మళ్ల మళ్ల వస్తరు. అబద్ధం రాయొద్దు, పేరు రాయొద్దు, తారీకు మాత్రం మరువొద్దు. గంతే!"

వాళ్లు ఊరుకుంటారా? మిగతా సగం వాళ్లే నింపుకున్నారు. ఒకడు హైదరాబాదు నుంచి పనోడు వస్తున్నాడన్నాడు. ఇంకొకడు, ముసలాయన్ను ఇంట్లో కూర్చోబెడుతున్నారన్నాడు. ఆ మాటలన్నీ చాయ్ తాగేచోట వెంకట్రాజం చెవిలో పడుతున్నాయి. మనిషి పోయిన ఇంట్లోనే కదా కుర్చీ ఖాళీగా ఉండేది! బతికుండగానే నాకిదేం గతిరా దేవుడా అనుకుంటూ రోడ్డు దాటాడు.

"మల్లీ! నేనింకా సావలేదురా!"

"ఏమైంది బాపూ, పొద్దుగాలనే?"

"నా కుర్చీల ఎవణ్ని కూసోబెడుతున్నవ్?"

"రేపు సద్దుల నాడు తెలుస్తది. ఒక్కరోజు ఓపిక పట్టు. జర, ఆ బల్ల మీది ఫిలిం రోల్ ముట్టకు. కొత్త చెయ్యి తీసింది, ఇంక కడగలే."

బయట ఎవరో పిలిస్తే మల్లికార్జున్ వెళ్లాడు. వెంకట్రాజం బల్ల తడిమాడు. రోల్ దొరికింది. అతికించిన కాగితం చింపి, వాకిట్లో ఎండలోకి తెచ్చి, బారెడు ఫిలిం బర్రున లాగేశాడు. వెలుగు తగిలితే అంతా నాశనమేనని ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? తెలిసే లాగాడు.

అప్పుడే టిఫిన్ డబ్బాతో వచ్చిన కోడలు అరుణ గుమ్మంలోనే కూలబడింది. ఆయన చేతిలోని ఫిలిం వైపే చూసింది.

"అండ్ల నువ్వే ఉన్నవ్ మామా," అంది. "మొన్న ఆయితారం మొగిలయ్య మామతో నవ్వుకుంట కూసున్నవు గద, నీకు తెల్వకుండ తీసిన. నేను తీసిన మొదటి ఫోటో. ఖాళీ కుర్చీ తీసేసి రేపు అదే పెడ్దామనుకున్నం."

"నువ్వా... కొత్త చెయ్యి?"

"ఆడోళ్లకు ఆడమనిషే ఫోటో తీస్తదని బోర్డు పెడ్దామనుకున్నం. పెన్సిల్ పట్టుడు నువ్వే నేర్పితివి, ఆ కుర్చీల కూసునేది నేనే."

పరుగున వచ్చిన మల్లికార్జున్ తల దించుకున్నాడు. "నీ నోట్ల నువ్వుగింజ నానది గద బాపూ. నీకు చెప్తే పొద్దుగూకకముందే చౌరస్తంత తెలుస్తదని దాచిన. నువ్వు చీటీ చదవలేవని, ఊరోళ్లు చెప్పిందే నీకు చీటీ అయితదని... నాకు తట్టనే లేదు."

"దోస్తులను ఊరిస్తివి, బాగనే ఉన్నది. నన్ను గూడ బయటోళ్లల్ల కలిపినవా కొడుకా?" వెంకట్రాజం వేళ్లకు చుట్టుకున్న ఫిలింను కళ్లకు అద్దుకున్నాడు. "బిడ్డా, నీ మొదటి పనిని ఈ చేతులతోనే సంపిన. నా బుద్ధి గడ్డి తిన్నది తల్లీ!"

అరుణ కొంగుతో మొహం తుడుచుకుంది. లోపల్నుంచి కెమెరా తెచ్చింది. కొత్త రోల్ ఎక్కించి, ఆయన్ను గోడవారగా ఎండ తగలని చోట నిలబెట్టింది.

"మామా, జర తలెత్తు."

ముప్పై ఏళ్లు ఊరందరికీ తాను చెప్పిన మాట. ఒక్కసారైనా తనకెవరూ చెప్పలేదు. తలెత్తాడు గాని కన్నీళ్లు ఆగలేదు.

"తుడుసుకోమంటవా బిడ్డా?"

"వద్దు మామా. గట్లనే ఉండు," అని అరుణ మీట నొక్కింది.