పొరుగువారికి మనవి

"మేం మీకు పొరుగువాళ్లమా?"

గుమ్మంలోనే నిలబడి ఆ ఉత్తరాన్ని మాలతి మీదికి విసిరింది రాజశ్రీ. గుఢియారీ పేటలో ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకున్న అన్నదమ్ముల భార్యలు వాళ్లు. రాజశ్రీ పెద్దకోడలు. "పోలీసు థానాకి రాసే కాగజ్‌లా రాశావు. రేపు కోర్టుకి కూడా ఈడుస్తావు కాబోలు," అనేసి వెళ్లిపోయింది.

మాలతి కింద పడ్డ ఉత్తరం తీసి మళ్లీ చదువుకుంది. తను ఏం రాసిందని...?

బావగారు తన వాటా మీద అంతస్తు వేయిస్తున్నారు. పగలు లారీలను రోడ్డుమీదికి రానివ్వరు గనుక ఇసుక రాత్రే దిగేది. పగలంతా ధర్సీవాలో వేరే పనికి పోయే మేస్త్రీలు రాత్రి తొమ్మిదికి వచ్చి టైల్స్ కోసేవారు. నిద్ర ఆపుకోవడానికి పెద్ద స్పీకరు పెట్టుకునేవారు. మాలతి భర్త సూరిబాబు రైలింజను డ్రైవరు. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ ఎక్కాల్సిన మనిషి మంచం మీద దొర్లుతుంటే, అతన్ని నమ్మి వెనక పెట్టెల్లో నిద్రపోయే జనమే ఆమె కళ్లముందు మెదిలేవారు!

రెండుసార్లు నోటితో చెబితే రాజశ్రీ నవ్వేసింది. అందుకే ఉత్తరం. ఇల్లు అందంగా వస్తోందని ముందు మెచ్చుకుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కోత మిషను, డ్రిల్లు ఆపించమంది. స్పీకరు తగ్గించి లోపలి గదిలో పెట్టించమంది. లారీ వచ్చే రోజు ముందుగా చెబితే సర్దుకుంటామంది. చట్టం మాట రాసి కూడా కొట్టేసి, మళ్లీ శుభ్రంగా రాసింది. బావగారి పేరు నోటితోనే పలకనిది, కాగితం మీద ఎలా రాస్తుంది? "గౌరవనీయులైన పొరుగువారికి" అని మొదలుపెట్టింది. ఆ మర్యాదే కొంప ముంచింది!

అన్నయ్యకు అర్జీ పెట్టి పరువు తీశావని సూరిబాబు కూడా ఆమెనే తిట్టాడు. ఆ రాత్రి నుంచి స్పీకరు సరిగ్గా వీళ్ల పడకగది గోడకు ఆనుకుని మోగింది.

మూడోనాడు డ్యూటీకని వెళ్లిన సూరిబాబు ఆరింటికే తిరిగొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా, రెండు వాటాల మధ్య ఉన్న తలుపు తోసుకుని అన్నగారి దగ్గరికి వెళ్లాడు. మాలతి ఇవతలే ఆగిపోయింది.

"అన్నయ్యా, బండి ఎక్కేముందు సరిగా నిద్రపోయానని సంతకం పెట్టాలి. ఇవాళ చెయ్యి రాలేదు. నిద్ర లేదని చెప్పేశాను. వేరేవాణ్ణి పంపారు. మాలతి రాసిన ప్రతి మాటా నాది. చెప్పే ధైర్యం లేక దాన్ని తిట్టాను."

మాలతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది...

అన్న గిరిధర్ కుర్చీలోంచి లేచాడు. "సరే, పదింటికి బంద్ చేయిస్తా. కానీ పొరుగువాళ్లన్నారు. ఇక అలాగే ఉందాం."

మాట తప్పలేదు. ఆ రాత్రి పదికల్లా అంతా సద్దుమణిగింది. ఆదివారం పట్టపగలు మేస్త్రీలు వచ్చి, ఆ తలుపు పీకి ఇటుకలు పేర్చారు. సూరిబాబు లోపల ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. ఆఖరి ఇటుక పెట్టేముందు ఆ సందులోంచి మాలతికి రాజశ్రీ కనిపించింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఇద్దరిలో ఎవరూ పిలవలేదు.