నాలుగు పంక్తుల పరాయి గొంతు

ఆదివారం ఉదయం ఆరున్నర. పెనుకొండలో ఒక అద్దె హాలు.

పదిన్నరకు ఆదెప్పకు అక్కడ సన్మానం జరగాలి. శాలువా వచ్చింది. పూలదండ వచ్చింది. ఆదెప్ప మాత్రం మెట్ల కింద చచ్చి పడి ఉన్నాడు.

మొదట చూసింది ఊడ్చే దాసమ్మ. గ్రిల్ గేటు మూసి ఉంది. బయటి నుంచి లాగి మూస్తే దానంతటదే పడే తాళం. తాళంచెవి ఆదెప్ప దగ్గరే ఉంది. గ్రిల్ సందులోంచి ఆమెకు కనిపించినవి రెండు కాళ్ళు.

ఆమె ఫోన్ చేసింది సాహితీ సంఘం కార్యదర్శి యువరాజ్‌కు.

"సార్ పడిండాడయ్యా. పిలిస్తే లేయల్యా."

అంతే చెప్పింది. అతను పోలీసులకు చెప్పాడు. ఎస్.ఐ. సుధారాణి వచ్చి తాళం పగలగొట్టించేసరికి ఏడూ పది.

మెట్ల పైన సగం కట్టిన ఫ్లెక్సీ వేలాడుతోంది. మూడో మెట్టు మీద కళ్ళద్దాలు. తల వెనక దెబ్బ. రెండు భుజాల మీదా వేళ్ళు గుచ్చుకున్న కమిలిన గుర్తులు.

"జారలేదు. తోసినారు," అంది సుధారాణి. "రాత్రే అయిపోయింది."

ఆదెప్ప ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. చిత్రావతి సాహితీ సంఘానికి అధ్యక్షుడు. కవిత్వం రాయడు, వింటాడు. మన ఊళ్ళలో రాసేవాళ్ళు సందుకొకరు ఉన్నారు. వినేవాడు దొరకడు. దొరికిన ఒక్కడూ పోయాడు.

కానిస్టేబుల్ బాలాజి సెల్‌ఫోన్ ముందుకు చాపాడు. సంఘం వాట్సాప్ గ్రూపు. అందులో ఆదెప్ప మీద స్మృతి కవిత. వచన కవిత, నలభై పంక్తులు. పెట్టింది మద్దిలేటి, హిందూపురం. పెట్టిన టైము ఆరూ నలభై రెండు.

"శవాన్ని చూసిన పన్నెండు నిమిషాలకే నలభై పంక్తులా?" అంది సుధారాణి.

"కళ్ళద్దాల మాట గూడా ఉండాది మేడం. మూడో మెట్టని రాసినాడు."

తాళం పగలకముందే ఆ మెట్టు అతనికి ఎలా తెలిసింది?

హిందూపురం బజారులో మద్దిలేటిది డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు. శనివారం రాత్రి ఎనిమిదికి హాలుకు ఫ్లెక్సీ తెచ్చి ఇచ్చింది అతనే.

సుధారాణి జీపు షాపు ముందు ఆగింది. లోపల కార్డు ప్రూఫ్ చూసుకుంటున్న పెళ్ళివాళ్ళు. గల్లాపెట్టె దగ్గర అతని భార్య భారతి.

"మూడో మెట్టు సంగతి నీకెవరు చెప్పినారు?"

మద్దిలేటి పెళ్ళివాళ్ళ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు.

"ఎవురూ చెప్పల్యా మేడం. నాకే తోచింది. కవికి తోచదా?"

సుధారాణి చెయ్యి అతని కాలర్ మీద పడింది. రోడ్డు మీదికి ఈడ్చింది. పండ్ల బండ్లవాళ్ళు, ఆటోవాళ్ళు లేచి నిలబడ్డారు. నలుగురు వీడియో తీశారు. భారతి జీపు వెనక చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

"మా ఆయన ఎవుర్నీ ఏమీ చేయల్యా! ఓ మేడం!"

జీపు ఆగలేదు.

స్టేషన్లో ఒకటే ప్రశ్న. ఒకటే జవాబు.

"ఎవరు చెప్పినారు?"

"నాకే తోచింది."

సుధారాణి సొంతూరు నల్లమాడ. ఉద్యోగానికి ముందు తెలుగు ఎమ్మే చేసింది. కవిత తనకు అర్థమైందనుకుంది. మొదటి భాగంలోనే ఆమెకు పగ కనిపించింది.

*ఓ సాహితీ సౌధ మూలస్తంభమా*
*పట్టుదారాల నడుమ*
*పదదారాలు పెనవేసిన మహనీయుడా*
*నీ కీర్తిచంద్రికలు*
*శతవసంతాలు వెలుగును గాక*

"చూడు బాలాజీ. చచ్చినోన్ని నూరేళ్ళు వెలగమంటాడు. ఎంత వెటకారం! ఈ మనిషికి ఆదెప్ప మీద కడుపు మంట."

బాలాజి తల ఊపాడు. ఎస్.ఐ. చెబితే కానిస్టేబుల్ ఊపుతాడు.

సోమవారం మధ్యాహ్నం యువరాజ్ స్టేషన్‌కు వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏడాది క్రితం అతని కవితల పుస్తకానికి ఏదో అవార్డు వచ్చింది. పేపర్లకు సంఘం వార్తలు రాసేదీ అతనే.

"రేపు అదే హాల్లో సంతాప సభ మేడం. పర్మిషన్ కావల్ల. ఇది ప్రెస్ నోట్. నా పుస్తకం గూడా మీకొకటి."

అతను పోయాక సుధారాణి ప్రెస్ నోట్ చదివింది.

"...సేవలందిస్తున్న తరుణంలో అకస్మాత్తుగా మృతి చెందగా, సభ్యులు తీవ్ర విషాదానికి గురయ్యారు."

ఎక్కడో విన్న గొంతు. మాటలు కావు, గొంతు. కవిత మళ్ళీ తెరిచింది. మధ్యలో నాలుగు పంక్తులు.

*మెట్ల పైభాగాన ఫ్లెక్సీ కడుతున్న సమయంలో*
*ప్రమాదవశాత్తు కాలు జారినట్లు*
*మూడవ మెట్టుపై కళ్ళద్దాలు పడి ఉండగా*
*సాహితీలోకం దిగ్భ్రాంతికి లోనైంది*

ఆమె ఆ నాలుగూ తెల్లకాగితం మీద పక్కపక్కన రాసింది, పంక్తులు విరగ్గొట్టకుండా. చదివింది. వార్త. కామా తేడా లేకుండా వార్త.

చివరి భాగాన్నీ అలాగే రాసి చూసింది.

*యో సామీ*
*నా కవితకు ఎవురూ చప్పట్లు కొట్టనప్పుడు*
*నువ్వొక్కనివే కొడ్తాంటివి*
*రెండు చేతులే*
*ఇంగ నేను*
*ఎవురి పక్క చూస్తా చదవల్ల*

ఇది కలిపి రాస్తే చచ్చిపోయింది. "రెండు చేతులే" పక్కన ఊపిరి ఆగాలి. "ఇంగ నేను" దగ్గర గొంతు పూడుకుపోవాలి. ఇక్కడ పంక్తి విరిగింది మనిషి విరిగిన చోట.

యువరాజ్ ఇచ్చిన పుస్తకం తిప్పింది. ముందుమాట ప్రెస్ నోట్ గొంతు. లోపలి కవితలు "రెండు చేతులే" గొంతు.

లేచి లాకప్ దగ్గరికి నడిచింది.

"మద్దిలేటీ. మొదటి భాగం ఆదెప్ప బతికుండంగానే రాసినావు కదా? సన్మానం కోసరం."

అతను లాకప్ గోడకు జరిగాడు.

"నేను దాన్ని వెటకారం అనుకున్నా. వెటకారం అయితే పక్క పంక్తిలో యాడన్నా ఒక గీరిన గుర్తు కనపడల్ల. లేదు. పైనా కిందా అంతా ఒకటే పొగడ్త. ఎవురికైనా సరిపోతాది. పొద్దున ఫోనొచ్చినాక మిగతా పంక్తుల్లో 'ఉన్నావు'ను 'ఉంటివి' చేసినావు. 'గాక' మార్చేది మర్సిపోయినావు."

మద్దిలేటి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

"నడిమి నాలుగు పంక్తులు నీవి కావు."

"మేడం, వద్దు."

"యువరాజ్ ఫోన్లో చెప్తాంటే టైపు చేసినావు."

అతను ఏడ్చాడు.

"అది శాలువా కవిత, సన్మానాల్లో చదివేది... ఇద్దరు ముగ్గురికి అదే చదివినా మేడం. పేర్లు మార్చి. నా పెండ్లాం నన్ను కవి అనుకుంటాది. పెళ్ళివాళ్ళ ముందర యెట్ల చెప్పేది, నాది కాదు, ఇంకొకరు చెప్తే రాసుకున్నానని?"

"ప్రాణం మీదికి వచ్చినా?"

"ప్రాణం పోతే ఒకసారి పోతాది మేడం. ఇది దినామూ పోతాది."

"యువరాజ్ పుస్తకం?"

మద్దిలేటి నేల చూపులు చూశాడు. "నేనే రాసిచ్చినా. నా పేరుతో అచ్చేస్తే ఎవురు కొంటారు?"

మంగళవారం పదకొండు. అదే హాలు. అదే ఫ్లెక్సీ. "సన్మాన" అన్న మాట మీద తెల్లకాగితం అతికించి "సంతాప" అని రాశారు. నలభై మంది కవులు. ధర్మవరం నుంచి ఆదెప్ప వాళ్ళు. వెనక బెంచీలో భారతి.

యువరాజ్ మైకు దగ్గర ఉన్నాడు. సుధారాణి మద్దిలేటిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. హాలంతా గుసగుస. ఆమె మైకు తీసుకుంది.

"ఈ కవితకు ప్రాస లేదు, ఛందస్సు లేదు. దీన్ని కలిపి పట్టుకునేది గొంతొక్కటే. ఆ గొంతు రెండుసార్లు మారుతాది. మారడం తప్పు కాదు. ఎందుకు మారిందో కవితే చెప్పల్ల."

ఆమె మొదటి భాగం చదివింది. వేదిక భాష. సమాసాలు. "నీ" అంటుంది గానీ ఎవరినైనా అనవచ్చు.

చివరి భాగం చదివింది. ఇంటి భాష. "నువ్వొక్కనివే." ఆ నువ్వు ఆదెప్ప తప్ప ఇంకొకరు కాలేరు.

"పొగడ్త కాడ మొదలై ఏడుపులోకి దిగినాడు. దుఃఖం వచ్చేతలికి సమాసాలు రాలిపోయినాయి. ఈ మార్పుకు కారణం ఉంది. రెండూ ఒకే మనిషివి. మధ్యలో నాలుగింటికి కారణం లేదు. అందులో 'నేను' లేదు, 'నువ్వు' లేదు. చూసిందెవరో లేదు. పొగడ్త లేదు, బాధ లేదు. జారినట్లు, పడి ఉండగా, లోనైంది. ఇది ప్రెస్ నోట్."

యువరాజ్ నవ్వాడు. "గొంతును బట్టి కేసు పెడతారా మేడం? చట్టంలో ఉండాదా?"

"గొంతు ఎవురి దగ్గర వెతకల్లో చెప్పింది. అంతే. దాసమ్మా, గ్రిల్ కాడ నుంచి నీకేం కనపడింది?"

"కాళ్ళమ్మా. మెట్లు ఆ పక్క గోడ వెనకాల ఉండాయి. యాడ కనపడ్తాయి?"

"యువరాజ్‌కు ఏం చెప్పినావు?"

"పడిండాడని. ఇంగేం చెప్పల్యా."

"ఆరూ ముప్పై అయిదుకు మీరు మద్దిలేటికి ఫోన్ చేసినారు. నాలుగు నిమిషాలు మాట్లాడినారు. కాల్ లిస్టులో ఉంది. ఆరూ నలభై రెండుకు మూడో మెట్టు గ్రూపులోకి వచ్చింది. మేము తాళం పగలగొట్టింది ఏడూ పదికి. శనివారం మధ్యాహ్నం తర్వాత ఈడికి రాలేదని స్టేషన్లో మీరే అన్నారు. కళ్ళద్దాలు ఎప్పుడు చూసినారు?"

"అతనే రాసుకున్నాడు. కవి కదా."

మద్దిలేటి మొదటిసారి తలెత్తాడు. నలభై మంది ముందు, భార్య ముందు.

"నేను రాయల్యా. నువ్వు చెప్తివి, నేను టైపు చేస్తి. మొదటిదేమో పాత శాలువా కవిత. కడాన ఆరు పంక్తులే నావి. నీ పుస్తకం గూడా నాదే."

ఎవరో నవ్వారు. చావు సభలో కూడా నవ్వేవాళ్ళుంటారు.

యువరాజ్ కుర్చీలో కూలబడ్డాడు.

"నా పుస్తకం నాది కాదని ఆయప్ప కనుక్కున్నాడు. ఊరికే వింటాంటే కనుక్కున్నాడు. రేపు స్టేజి మీద చెప్తానన్నాడు. వద్దు సార్ అని భుజాలు పట్టుకున్నా. ఇడ్సమన్నాడు. తోసేస్తి. జారి పడినాడని అందరూ అనుకోవల్లని ఆ నాలుగు పంక్తులు చెప్తి."

బాలాజి సంకెళ్ళు వేశాడు.

ఆ సాయంత్రం సుధారాణి హిందూపురం వెళ్ళింది. షాపు షట్టర్ సగం దించి ఉంది. మద్దిలేటి లోపల గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అడ్డంగా భారతి.

సుధారాణి టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"విచారణలో భాగంగా మీ భర్తను అదుపులోకి తీసుకోవడం జరిగింది. ఆ క్రమంలో కలిగిన అసౌకర్యానికి..."

"మేడం," అంది భారతి. "అది ఎవురి గొంతు?"

సభలో సుధారాణి చెప్పిన పాఠమే. నేను లేదు, నువ్వు లేదు.

"తప్పు చేసినానక్కా," అంది సుధారాణి. "నేనే ఈడ్సినా. చదవకుండానే చదివినా అనుకున్నా."

భారతి షట్టర్ పూర్తిగా పైకి లేపింది. బయట పండ్ల బండ్లు, ఆటోలు.

"కాలర్ పట్టింది ఆడ. ఈ మాట గూడా ఆడే చెప్పు."

సుధారాణి రోడ్డు మీదికి నడిచింది. బండ్లవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో సెల్‌ఫోన్ పైకెత్తారు.

లోపల మద్దిలేటి మెల్లగా ఇటు తిరిగాడు.