తలుపు పక్క బెంచీ

వినీల ఆ ఉత్తరాన్ని మూడు రోజులు కూర్చుని రాసింది. డీన్ ఉదయభాస్కర్ గారు దాన్ని మూడు నిమిషాలైనా చూడలేదు. చూసి ఉంటే ఈ కథ చెప్పుకునే అవసరమే వచ్చేది కాదు.

రాజమండ్రి దాటాక కాలవ గట్టు మీద ఉంది ఆ డిగ్రీ కాలేజీ. వినీలది ఆఖరి ఏడాది. పోయిన సెమిస్టర్లో రెండు పరీక్షలు సగంలో వదిలేసి లేచొచ్చేసింది. ఈసారి కూడా అలాగే అయితే ఏడాది పోతుంది, బీఈడీ ఆశా పోతుంది.

ఉత్తరంలో దాపరికం లేదు. హాల్లో కూర్చున్న కాసేపటికి గుండె దడదడలాడుతుందని, ఊపిరి అందదని, వేళ్ళు తిమ్మిరెక్కి చచ్చిపోతానేమోనని అనిపిస్తుందని రాసింది. "పది నిమిషాల్లో బాగా ముదురుతుంది. అరగంటలోపు తగ్గుతుంది. ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టరు గారు చెప్పారు. కానీ ఆ అరగంటా పెన్ను పట్టుకోలేను" అని రాసింది. తలుపు పక్క సీటు, జనం తక్కువున్న గది, మంచినీళ్ళ సీసా, అవసరమైతే వరండాలోకి వెళ్ళి రావడానికి అనుమతి, పోయిన సమయానికి బదులు చివర్లో అరగంట అడిగింది. ప్రశ్నలు తేలిక చెయ్యమని గానీ, మార్కులు కలపమని గానీ అడగలేదు. మానసిక వైద్యుడి సర్టిఫికెట్ జతచేసి, హెచ్‌ఓడీ సంతకంతో పంపింది.

"ఇవన్నీ సెల్‌ఫోన్ రోగాలమ్మా" అన్నాడు డీన్, తలెత్తకుండా. "చదివినవాళ్ళకి ఊపిరి బాగానే ఆడుతుంది. రేపు కాలేజీ మొత్తం తలుపు పక్కనే కూర్చుంటానంటే అన్ని తలుపులు నేనెక్కణ్ణుంచి తేను?"

 వినీలకి ఆ మనిషంటే అసహ్యం వేసింది, అసహ్యం కంటే ఎక్కువగా సిగ్గేసింది.

డాక్టరు కాగితం ఉంది కాబట్టి కాదనడానికి లేదని ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. డీన్‌కి చిర్రెత్తుకొచ్చింది. గుమాస్తా జ్ఞానప్రకాశం ఫైలు తెచ్చి, సంతకం చోటుకి గుర్తుగా జెండా కాగితం అంటించిన పేజీ తెరిచాడు. ఫోన్లో ఎవరినో కసురుతూనే డీన్ ఆకుపచ్చ సిరాతో "అనుమతించడమైనది" అని గీకి పడేశాడు.

పరీక్ష రోజు పొద్దున పాత బ్లాకు మెట్ల దగ్గర జ్ఞానప్రకాశం చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు.

"అమ్మా, ఒక పొరపాటు జరిగిందండి. ఇదివరకు ఇలాంటి కేసుందేమో ప్రిన్సిపాల్ గారు చూడమన్నారని పాత ఉత్తరం కూడా ఫైల్లో పెట్టాను. జెండా దాని మీద ఉండిపోయింది. సారు సంతకం దాని మీద పెట్టేశారు."

"మరి నాకు?"

"మళ్ళీ వెళ్తే చంపేస్తారండి. అందుకని కింద మీ హాల్‌టికెట్ నంబరు నేనే చేర్చి, జిరాక్సు ఎగ్జామ్ సెల్‌కి పంపేశాను. ఎవరూ చూడరు. కూర్చోండి."

వినీల అతని చేతిలోని అసలు కాగితం చూసింది. పసుపు పచ్చబడిపోయింది. పదకొండేళ్ళ కిందటిది. రాసిన పిల్ల పేరు నాగదుర్గ. అడిగినవి కూడా దాదాపు అవే, ఒక్కటే ఎక్కువ. "బయటికి వెళ్ళేటప్పుడు మెట్లు దిగేదాకా తోడు ఒకరిని పంపండి. ఒక్కదాన్ని దిగలేను." దాని కింద, తోడు వచ్చేవారి పేరు అని ఖాళీ. ఉత్తరం మీద అదే ఆకుపచ్చ సిరాతో పాత మాట ఒకటుంది. సాకులు. అనుమతి లేదు.

"ఈ అమ్మాయి ఇప్పుడెక్కడుందండి?"

జ్ఞానప్రకాశం మెట్ల వైపు చూశాడు. "ఆ రోజు హాల్లో మధ్యలో కూర్చోబెట్టారండి. ఎంత బతిమాలినా పంపలేదు. చివరికి తోసుకుని పరిగెత్తింది. ఇక్కడే పడిపోయింది. ఇక లేవలేదు."

పైన చిన్న గది. చాలాకాలం మూసి ఉన్నందుకు తడి సున్నం వాసన. రెండు బెంచీలు వేశారు. తలుపు పక్క బెంచీ మీద సుద్దముక్కతో, ఉత్తరంలో ఉన్న నాగదుర్గ నంబరు. గోడవైపు బెంచీ మీద వినీల నంబరు.

"నేను అక్కడ కూర్చుంటానండి."

"నంబరు మారితే మాల్‌ప్రాక్టీస్ అంటారండి" అన్నాడు జ్ఞానప్రకాశం. మనుషులు చాలక ఇన్విజిలేటరు కుర్చీ కూడా అతనికే ఇచ్చారు.

పదింటికి పేపరిచ్చారు. పదకొండయ్యేసరికి మబ్బు కమ్మి గది మసకబారింది. అతను అడిషనల్ షీట్లకి కిందకి వెళ్ళాడు. అప్పుడే వినీలకి మొదలైంది. వేళ్ళ చివర తిమ్మిరి, గుండె దడ.

డాక్టరు నేర్పినట్టే చేసింది. నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి. కళ్ళకి కనిపించేవి అయిదు. ఫ్యాను, కిటికీ, సీసా, పెన్ను, తలుపు. తాకేవి నాలుగు. బెంచీ, కాగితం, చున్నీ, గోడ. వినిపించేవి మూడు. ఫ్యాను చప్పుడు... చినుకులు... ఊపిరి.

తన ఊపిరి కాదు.

తను ఆరు లెక్కపెడుతూ వదులుతోంది. ఆ ఊపిరి గబగబా కొట్టుకుంటోంది, తలుపు పక్కనుంచి. వాసన రెండు. తడి సున్నం... కొబ్బరినూనె. వినీల తలకి నూనె రాయలేదు.

ఖాళీ బెంచీ కిర్రుమంది. కాగితం మీద పెన్ను గీరుకుంటున్న చప్పుడు. బయటికి వెళ్ళాలంటే ఆ బెంచీని రాసుకునే వెళ్ళాలి. వినీల వెళ్ళలేదు. తల దించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, అరగంట అలాగే లెక్కపెట్టింది. తగ్గింది. ఆమెకి తగ్గింది. అక్కడ తగ్గలేదు.

జ్ఞానప్రకాశం తిరిగొచ్చి కూర్చున్నాడు. అతనికేమీ వినిపించినట్టు లేదు.

ఒంటిగంటకి డీన్ వచ్చాడు. "అందరికీ అయిపోయింది. ఇంకా ఏంటి నాటకం?" అంటూ లోపల అడుగుపెట్టి, తలుపు పక్క బెంచీ దగ్గర ఆగిపోయాడు. మొహంలో నెత్తురు లేదు. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. వేళ్ళు వంకర్లు పోతున్నాయి. ఆ బాధేమిటో వినీలకి తెలుసు.

"నేనే... సంతకం పెట్టాను" అని గొణిగాడు. ఖాళీ బెంచీ వైపు తల తిప్పి, "సరే... పద" అన్నాడు.

కుడిచెయ్యి పక్కకి చాచి, ఎవరో పట్టుకున్నట్టే, వరండాలోకి నడిచాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు. చెప్పుల జత ఒకటి. ఒట్టి కాళ్ళ జత ఒకటి.

అట్టడుగు మెట్టు మీద కూర్చుని ఉండగా దొరికాడు. దెబ్బ లేదు. ఆస్పత్రిలో ఈసీజీ బాగానే ఉందన్నారు. కానీ ఊపిరి అందడం లేదని గుడ్లు తేలేస్తున్నాడు, నర్సు చెయ్యి వదలడం లేదు. అరగంటలో తగ్గాల్సింది మర్నాటికి కూడా తగ్గలేదు.

రెండో పరీక్ష రోజు జ్ఞానప్రకాశం నాగదుర్గ ఉత్తరం చేతికిచ్చాడు. తోడు వచ్చేవారి పేరు అన్న ఖాళీ నిండి ఉంది. ఆకుపచ్చ సిరాతో ఉదయభాస్కర్ అని రాసి, కొట్టేసి ఉంది.

"ఇది బీరువాలోనే ఉంది, తాళం నా దగ్గరే ఉందండి" అన్నాడు నెమ్మదిగా. "సారు ఆస్పత్రిలోనే ఉన్నారు."

కొట్టేసిన పేరు కింద ఇంకో పేరుంది. వినీల. సిరా వేలికి అంటుకుంది.

"నేను వెళ్ళనండి."

"ఆబ్సెంట్ పడుతుందమ్మా."

గంట మోగింది. వినీల గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. గోడవైపు బెంచీ మీద ఆమె నంబరు లేదు. తుడిచేసి ఉంది. తలుపు పక్క బెంచీ మీద, ఒకదాని పక్కన ఒకటి, రెండు నంబర్లున్నాయి.