పిన్ని రాయి

ఆదివారం ఉదయం తమ్ముడు వంటింటి గడప మీద కూర్చుని, యూనిఫారానికి ఊడిపోయిన గుండీ కుట్టుకుంటున్నాడు. సిటీ బస్సు నడిపేవాడికి ఆదివారం సెలవేమీ కాదు, పదింటికి డ్యూటీ ఎక్కాలి. నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుస్తున్నాడు. పిన్ని పోయి పది నెలలయినా, ఆ జోడు ఎక్కడ పెట్టాడో చెప్పే మనిషి లేక రోజూ అరగంట వెతుక్కుంటున్నాడు.

అక్క రెండు వీధుల అవతలి నుంచి వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది కనుక ఏ మాటైనా పొట్టిగా రాయడం ఆమెకు అలవాటే. ఈసారి మాత్రం చంకలో చాపంత కాగితం చుట్ట ఉంది.

"రాళ్లు చెక్కే ఆవిడ ఇచ్చింది. రాతి మీద ఎలా వస్తుందో అదే సైజులో గీసింది. ఇంట్లో అందరూ చదివి సంతకం పెడితేగాని ఉలి పట్టనంది," అంటూ బల్ల మీద పరిచింది.

"రాసిందెవరు?" అన్నాడు తమ్ముడు.

"నేనే. మూడు వారాలు పట్టింది."

మొత్తం ఎనిమిది వరుసలు. తమ్ముడు గుండీ పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాడు. "త్యాగానికి మారుపేరు... సహనానికి నిలువెత్తు రూపం... ఏనాడూ కోపమెరుగని చల్లని తల్లి..." అక్కడ ఆగాడు. "పిన్నికి కోపం తెలీదా?"

"ఏదో రాస్తాం కదరా."

"లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయని గరిటె విసిరింది. ఇదిగో, మోచేతి మీద మచ్చ. దీనికేం చెప్పమంటావు?"

నాన్న నవ్వాడు. "నిన్ను గురి చూసి విసరలేదురా. గోడకి విసిరితే నువ్వే అడ్డొచ్చావు."

అక్కకీ నవ్వొచ్చింది. అంతలో తమ్ముడి వేలు చివరి వరుస మీదికి వెళ్లింది. అక్కడ ఇంత లావు అక్షరాలతో ఉంది: 'మా అమ్మ.'

తమ్ముడి మొహంలో నవ్వు మాయమైంది.

"ఇది నువ్వు రాస్తున్నావా అక్కా?"

"తప్పేముంది? తల్లిలాగే పెంచింది."

"పెంచింది. కాదన్నదెవరు?" అతని గొంతు పెరగలేదు, కానీ బరువెక్కింది. "మన అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. నాకావిడ మొహం ఫొటోలో తప్ప గుర్తులేదు. ఏడాది తిరక్కుండా పిన్ని వచ్చింది. ఓ రోజు పెరట్లో నేను 'అమ్మా' అని పిలిస్తే, నువ్వు చెంప మీద ఒక్కటిచ్చావు. 'ఆమె అమ్మ కాదు, పిన్ని అను' అన్నావు. ఆ రోజు నుంచి ముప్ఫై ఏళ్లు పిన్నీ అనే పిలిచాను. బతికున్నప్పుడు నా నోట రానివ్వని మాటని, ఇప్పుడు రాతితో చెప్పిస్తావా?"

 అప్పుడు అక్కకు పన్నెండేళ్లు. అమ్మ చీరలు ఇంకా బీరువాలోనే ఉండేవి. ఆ చెంపదెబ్బ తమ్ముడికి గుర్తుండదనే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

"నేను సంతకం పెట్టను," అన్నాడు తమ్ముడు. గుండీ సగమే కుట్టిన చొక్కా తొడుక్కుని, టిఫినైనా ముట్టకుండా వెళ్లిపోయాడు.

 కాసేపటికి నాన్న చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. "పద, ఆ రాళ్లావిడ దగ్గరికి నేనూ వస్తాను. ఎలా చెక్కుతుందో చూడాలనుంది."

రేకుల షెడ్డు నిండా తెల్లటి దుమ్ము. రాళ్లావిడకు యాభై దాటి ఉంటాయి. తలకు గుడ్డ, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక నల్లరాయి మీద వంగి ఉంది. ఉలిని ఏటవాలుగా పెట్టి ఒక అంచు కోసి, అవతలి నుంచి రెండో అంచు కోస్తోంది. రెండు కోతలూ అడుగున కలిసిన చోట సన్నటి నీడ పడుతోంది. వీళ్లను చూసి ముక్కు మీది గుడ్డ దించింది.

"సంతకాలయ్యాయామ్మా?"

"అవలేదు," అంది అక్క. "మాటలు మార్చాలేమో."

"మంచిదే. కాగితం మీదే మార్చుకోవాలి. రాతి మీద కొట్టేసి రాయడం ఉండదు. ఒక్క అక్షరం తప్పుపోయినా మొహమంతా అరగదీయాల్సిందే." ఆమె కాగితాన్ని గోడకు అంటించి, అక్కను ఆరడుగులు వెనక్కి నడిపించింది. "ఇప్పుడు చదవండి."

అక్క కళ్లు చికిలించింది. లావు అక్షరాల 'మా అమ్మ' తప్ప మిగతాదంతా చీమల బారులా ఉంది.

"సమాధుల తోట ఆఫీసువాళ్లు రెండున్నర అడుగుల వెడల్పే ఒప్పుకుంటారు. అందులో ఎనిమిది వరుసలంటే అక్షరం గోరంతే వస్తుంది. పైగా మన అక్షరాలకి కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. ఈ వరుస ఒత్తు, కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. రెండు కోతలు మరీ దగ్గరైతే మధ్యలో రాయి పెచ్చులూడిపోద్ది." ఆమె మూలనున్న పాత పలక ఒకటి చూపించింది. దాని మీద రంగు వెలిసిపోయి 'త్యా' అన్న అక్షరం గుండ్రటి గుంటలా మిగిలింది. "ఇది మెత్తరాయి, పై పైన గీసి రంగేశారు. రంగు పదేళ్లుంటే గొప్ప. లోతుగా కోసిన నీడే నిలిచేది. మాటలు తక్కువైతే అక్షరం పెద్దగా, లోతుగా కోయొచ్చు."

"తేదీలు?" అన్నాడు నాన్న. "ఆవిడ పుట్టిన తేదీ రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది. ఏడాది మాత్రం రెండింట్లోనూ ఒకటే."

"అయితే ఏడాదే వేద్దాం బాబాయ్. తెలీనిది చెక్కకూడదు." ఆమె కాగితం వైపు తిరిగి అంది, "అమ్మా, ఏమీ అనుకోకు. 'త్యాగానికి మారుపేరు' అని ఈ ఏడాదే నేను నాలుగు రాళ్ల మీద చెక్కాను. ఇది మీ మనిషి గురించేనా? తీసుకెళ్లి పక్క సమాధి మీద పెడితే కుదరదూ?"

అక్క బల్ల మీద కూర్చుంది. మనసులో ఉన్నది ఆపుకోలేకపోయింది.

"నాన్నా, ఆసుపత్రిలో చివరి వారం కొత్త నర్సు వచ్చి 'మీ అమ్మగారా?' అని అడిగింది. నేను అలవాటుగా 'కాదండీ, పిన్ని' అన్నాను. మంచం మీద పిన్ని వింటూనే ఉంది. 'కాదండీ' అన్నాను నాన్నా. ఆ మాట వెనక్కి తీసుకోవాలనే ఇదంతా రాశాను."

నాన్న ఆమె పక్కన కూర్చుని, దుమ్ము పడ్డ ఆమె జుట్టు దులిపాడు.

"నువ్వు చిన్నోణ్ణి కొట్టిన రోజు పిన్ని వంటింటి కిటికీలోంచి చూసింది. నీకు తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను నిన్ను కోప్పడబోతే ఆపింది. 'అమ్మ అన్న మాటని అంత గట్టిగా పట్టుకున్న పిల్ల అది. దాన్నేమీ అనకండి. రేపు నన్ను పట్టుకున్నా అంతే గట్టిగా పట్టుకుంటుంది' అంది. నువ్వు తర్వాత ఆవిడ మందులు ఒక్కరోజైనా తప్పనిచ్చావా? ఆసుపత్రిలో తొమ్మిది రాత్రులు కుర్చీలో నిద్రపోయిందెవరు?" నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. వీధి మొత్తం ఆవిడని పిన్ని అనే పిలిచేది. పాలవాడు, టైలరు, మీ షాపు యజమాని. అంతెందుకు, నేనే నీళ్లు కావాలంటే 'పిన్నీ' అని కేకేసేవాణ్ణి. ఆవిడ అసలు పేరు రాతి మీద చూస్తే ఎవరీవిడ అని అడుగుతారు."

రాళ్లావిడ గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగుడు కూడా పిన్నే అనేవాడా?"

"ఏం చేస్తాం, ఇంట్లో చెల్లుబాటయ్యే పేరదొక్కటే."

అక్క ఫోను తీసి తమ్ముడికి చేసింది. డ్యూటీలో ఉంటే ఎత్తడు. 'వీలైతే రాళ్ల షెడ్డుకి రా. నేను కొట్టింది తప్పు. ఏం రాయాలో నువ్వే చెప్పు' అని పంపింది.

మూడింటికి మొదటి షిఫ్టు దిగి అతనొచ్చాడు. చొక్కాకు ఆ గుండీ ఇంకా వేలాడుతూనే ఉంది. కాగితం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"అమ్మ అని రాయాలంటే ఆ హక్కు నీది," అంది అక్క. "నువ్వు రాయమంటే రాయిస్తాను. నేను నీ నోరు నొక్కాను. క్షమించరా."

 అతను పెన్సిల్ తీసుకున్నాడు.

"పొద్దున బస్సు నడుపుతూ ఆలోచించాను. ఆ రోజు కోపం ఆ రోజుదే. తర్వాత పిన్నీ అని పిలిచిన ముప్ఫై ఏళ్లూ నేను కష్టంగా పిలవలేదక్కా. జ్వరమొస్తే పిన్నీ అన్నాను, ఉద్యోగమొస్తే పిన్నీ అంటూ పరిగెత్తాను. ఆ మాట మనింట్లో చిన్నదేం కాదు."

ఎనిమిది వరుసలు కొట్టేసి 'మా పిన్ని' అని పెద్దగా రాశాడు. కింద పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది. ఆ కింద 'కనలేదు, పెంచింది' అని రాసి అక్కకిచ్చాడు.

అక్క చదువుకుని పెదవి విరిచింది. "నిజమే గానీ, లేనిదాన్ని ముందు చెప్పడమెందుకు? ఎన్నేళ్లకైనా చదివేవాళ్లకి మొదట కనపడేది 'లేదు' అన్న మాటే." ఆమె 'కనలేదు' కొట్టేసి, 'మమ్మల్ని' అని రాసింది.

నాన్న ముందుకు వంగాడు. "మమ్మల్ని అంటే అందులో నేనూ ఉన్నానా?"

"ఉన్నావు నాన్నా."

"అయితే సరిగ్గానే ఉంది," అన్నాడాయన. అంటూనే కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. "నన్ను కూడా పెంచింది."

రాళ్లావిడ ఆ నాలుగు మాటల్నీ, పేరునీ, ఏడాదుల్నీ కొత్త కాగితం మీద అదే సైజులో గీసింది. పైకి చదివించింది. తర్వాత చివరి నుంచి మొదటికి అక్షరం అక్షరం చదివించింది, అలా అయితేనే కన్ను తప్పు దాటి పోదట. 'మ్మ' ఒత్తుకూ 'ల్ని' ఒత్తుకూ కింద ఎంత జాగా వదలాలో చెప్పి, మూడు సంతకాలు తీసుకుంది.

నేల పూర్తిగా కుదురుకున్నాక, ఏడాది నిండిన తర్వాతి వారంలో రాయి నిలబెట్టారు. పక్కనే అమ్మ రాయి, అంతే ఎత్తు. పనివాళ్లు సిమెంటు తుడిచి వెళ్లిపోయారు. సాయంత్రపు వెలుగు ఏటవాలుగా పడి అక్షరాల్లో నీడ చిక్కగా నిండింది. మధ్యలో పేరూ ఏడాదులూ చిన్నగా, పైనా కిందా ఈ మాటలు పెద్దగా:

మా పిన్ని
మమ్మల్ని పెంచింది

అక్క దగ్గరికి వెళ్లి కూర్చుని, చున్నీ కొసతో రాతి మీది దుమ్ము తుడిచింది. "పిన్నీ," అంది మెల్లగా. ఏడాదిగా ఆ పిలుపు నోటికి రాలేదు. ఇప్పుడు సాఫీగా వచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. తమ్ముడు పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చేయి వేశాడు.

నాన్న కాసేపు వాళ్లనలా ఏడవనిచ్చాడు. తర్వాత ఇద్దరి చేతులూ పట్టుకుని లేవదీశాడు. "పదండి, పొద్దుపోతోంది. ఇవాళ అన్నం ముగ్గురం కలిసే తిందాం."