చివరి అంకె

"యాడికి పోవాల మేడమ్?"

మునికృష్ణ టార్చి వెలుగును ఆమె ముఖం మీద వేయలేదు. కాళ్ల ముందు నేల మీద వేశాడు. సెక్యూరిటీ గార్డు ట్రైనింగ్‌లో నేర్పిన మొదటి పాఠం అది. ఆ వెలుగులో బురద అంటిన చెప్పులు, తడిసిన చీర కుచ్చిళ్లు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు కనిపించాయి.

"ఈ ఆఫీసుకే సార్. తలుపు తీయండి, టైమైపోతాది."

"ఆఫీసు ఆరుకే మూసేసినారు. లోపల ఎవురూ లేరు."

"అబద్ధం. లైట్లు ఉండాయి గదా?"

"అవి నాకు తోడు మేడమ్. రాత్రంతా ఉంటాయి."

శ్రీ సిటీ పారిశ్రామికవాడలో అది ఒక ఫ్యాక్టరీకి చెందిన ఆఫీసు. ఫ్యాక్టరీ నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. ఆమె కవరులోంచి ఉద్యోగపు ఉత్తరం తీసి కటకటాల సందులోంచి అందించింది. పేరు కోమలి, ఊరు ఐరాల. రాత్రి షిఫ్టులో చేరడానికి తొమ్మిదిన్నరకల్లా ఫ్యాక్టరీ మూడో గేటు దగ్గర ఉండాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ఆఫీసు చిరునామా చూపిస్తే ఆటోవాడు తెచ్చి ఇక్కడ దించి వెళ్లిపోయాడు.

"మీరు పైన సదివినారు. ఉద్యోగం కింద ఉండాది."

ఆమె నవ్వలేదు. "చేరకపోతే లిస్టులో తర్వాత ఉన్నోళ్లకు ఇచ్చేస్తారంట. సార్, మీరే బండి మీద దించేయండి."

"గేటు ఇడిసి పోతే నా ఉద్యోగం కూడా తర్వాత ఉన్నోళ్లకే."

ఆ మాటకు ఆమె కటకటాలు పట్టుకుని అతన్ని గుర్రుగా చూసింది. లోపలికి పిలిచే అధికారం అతనికి లేదు. వానలో నిలబెట్టే మనసూ లేదు. అతను తన ప్లాస్టిక్ కుర్చీని చిన్న తలుపులోంచి బయటికి జరిపి, రేకు కింద, దీపమూ కెమెరా రెండూ ఉన్న చోట వేశాడు. చార్జింగ్ అయిపోయిన ఆమె ఫోన్ తీసుకుని క్యాబిన్‌లో చార్జింగ్‌కు పెట్టాడు. తర్వాత వాకీటాకీలో కంట్రోల్ రూమ్‌ను పిలిచాడు.

అక్కడివాళ్లు మూడో గేటుకు ఫోన్ చేసి, ఆ రాత్రి చేరవలసినవాళ్ల జాబితాలో పేరు ఉందో లేదో చూడాలి. ఉంటే, షిఫ్టు బస్సు ఈ దారినే పోతుంది కాబట్టి డ్రైవరుకు ఆపమని చెప్పాలి. ఈ లోపు మునికృష్ణ విజిటర్ రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు. వచ్చిన టైము, పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం.

"లోపలికే రానియ్యలేదు, రాయడం దేనికి సార్?"

"రానియ్యలేదని రాయడానికే. సార్ అనొద్దు, నా పేరు మునికృష్ణ."

"అయితే అన్నా అనాల్నా?"

"వొద్దొద్దు. సారే అనండి."

అప్పుడు నవ్వింది. రేకు మీద వాన చప్పుడు తగ్గినట్టు అనిపించింది అతనికి. తగ్గలేదు.

ఆమె రాసిన తర్వాత నంబరు చదివి వినిపించి సరిచూసుకోవాలి. అది రూలు. మునికృష్ణ నోరు తెరిచి మూసుకున్నాడు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల నంబరు పైకి చదివితే, బట్టీ పడుతున్నాడనుకోదా? రిజిస్టరు మూసేశాడు. తన డ్యూటీ డైరీలో మాత్రం గోడ గడియారం చూసి రాసుకున్నాడు: ఎనిమిది నలభై ఏడు, కోమలి, దారి తప్పి వచ్చారు, లోపలికి పంపలేదు.

కంట్రోల్ రూమ్ నుంచి జవాబు వచ్చింది. పేరు ఉంది.

తొమ్మిది ఇరవైకి బస్సు ఆగింది. డ్రైవరు గోవిందు తల బయటికి పెట్టి, "ఏం క్రిష్ణా, గేటు ముందర కుర్చీ వేసినావే, పెండ్లి సూపులా?" అన్నాడు. బస్సులోని ఆడవాళ్లు నవ్వారు.

కోమలి ఫోన్ తీసుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగింది. "నంబరు రాసినాను గదా సార్. ఉద్యోగంలో చేరినానో లేదో రేపు ఫోన్ చేసి కనుక్కోండి."

ఆ అనుమతిని మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు మునికృష్ణ. నాలుగో రోజు రిజిస్టరు తెరిచి, ఆమె నంబరు చూసి ఫోన్ చేశాడు.

ఒక ముసలాయన ఎత్తాడు. "కోమలా? ఈడ కోమలి లేదప్పా, కోళ్లు ఉండాయి. ఎన్ని కావాల?"

తప్పు నంబరు రాసింది. రాయదా మరి, ముక్కూ ముఖం తెలియనివాడు అడిగితే? తెలివైన పిల్ల, మంచి పనే చేసింది, అనుకున్నాడు. అయినా ఆ రోజు నుంచి తొమ్మిదింబావుకే గేటుకు తాళం వేసి, భవనం వెనక రౌండుకు పోయేవాడు. బస్సు చప్పుడు దూరమయ్యాకే తిరిగి వచ్చేవాడు.

ఏడు నెలలు గడిచాయి. తనిఖీకి ముందు పాత పుస్తకాలు సరిచూడడానికి సూపర్‌వైజర్ ప్రేమానందం వచ్చాడు. రిజిస్టరు, డైరీ పక్కపక్కన పెట్టి వేలితో పొడిచాడు.

"సూడప్పా క్రిష్ణా. రిజిస్టరులో ఎనిమిది నలభై ఒకటి. నీ డైరీలో నలభై ఏడు. ఆరు నిమిషాలు ఆ యమ్మను ఏం చేసినావు?"

మునికృష్ణ వంగి చూశాడు. డైరీ తప్పు కాదు, గడియారం చూసి రాసింది. అయితే కోమలి రాసిన ఆ అంకె? నిలువు గీత, తల దగ్గర ఉందా లేదా అన్నట్టు చిన్న వంపు. అది ఒకటి కాదు. ఏడు.

అతని చూపు పక్క గడిలోకి జారింది. ఫోన్ నంబరు చివర అదే గీత. అదే వంపు.

"చదివి వినిపించలేదు సార్," అన్నాడు.

"రూలు ఉండేది దానికే గదప్పా," అని ప్రేమానందం అక్కడ ఎర్ర సున్న చుట్టాడు.

ఆయన వెళ్లాక మునికృష్ణ చివర ఏడు నొక్కి ఫోన్ చేశాడు. రెండో రింగుకే ఎత్తింది.

"నేను... ఆఫీసు గేటు..."

"గేటు సారా," అంది ఆమె. "చేరినానా లేదా అని కనుక్కోడానికా?"

అతను అంకె సంగతి చెప్పాడు. కోళ్లాయన సంగతీ చెప్పాడు. ఆమె నవ్వి, మధ్యలోనే ఆపేసింది.

"మా టీచరు కూడా తిట్టేది, నీ ఏడుకు తల లేదని. నేనేమో మీకే తల బిరుసు అనుకున్నాను. దినామూ బస్సులో మీ గేటు పక్క కిటికీలోనే కూర్చునేదాన్ని. మీ క్యాబిన్‌లో లైటు ఉంటాది, మీరుండరు."

"నేను... వెనక రౌండులో ఉంటాను."

"దినామూ అదే టైముకా?"

అతను తెరిచి ఉన్న రిజిస్టరు మూసేశాడు.

"పోయిన నెల నిశ్చయమైంది సార్," అంది మెల్లగా. "సత్యవేడు సంబంధం. మంచాయన. మా నాయన అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర వేరే పేరు లేకపోయింది."

"మంచిది మేడమ్," అన్నాడు.

"ఈ పొద్దే నాకు కడపటి షిఫ్టు. రౌండు కొంచెం ఆలస్యంగా పోండి."

ఆ రాత్రి తొమ్మిది ఇరవైకి మునికృష్ణ గేటు బయట, రేకు కింద నిలబడ్డాడు. పక్కన కుర్చీ వేశాడు, ఎందుకో తెలియదు. మలుపులో బస్సు లైట్లు కనిపించాయి. అతను టార్చి వెలిగించి, రూలు ప్రకారం నేల మీదికి దించాడు. బస్సు దగ్గరికి వచ్చాక దాన్ని మెల్లగా తన ముఖం వైపు తిప్పుకున్నాడు.

ఆ వెలుగుకు కళ్లు చెదిరి అతనికి కిటికీలు కనిపించలేదు. కానీ గోవిందు బస్సును నెమ్మది చేశాడు. ఎవరు అడిగారో మరి, ఆ గేటు పొడుగునా బస్సు నడిచే మనిషిలా కదిలింది.

చప్పుడు దూరమయ్యాక అతను టార్చి ఆర్పి, కుర్చీ లోపలికి జరిపి, డైరీ తెరిచాడు. తొమ్మిది ఇరవై ఏడు, షిఫ్టు బస్సు వెళ్లింది, అని రాశాడు. ఏడుకు తల పెద్దదిగా, ఎవరికైనా తెలిసేలా పెట్టాడు.